ఫొటోలో వచ్చిన ఆవిరి చక్రం పటం నుంచి టర్బైన్ పని, పంపు పని, దక్షత కట్టడం ఎలా

ఆవిరి శక్తి చక్రం మీద లెక్క తరచుగా ఒక ఫొటో రూపంలోనే చేతికి వస్తుంది. అందులో నాలుగు పరికరాలు, వాటిని కలిపే గొట్టాలు, గొట్టాల పక్కన ఎంథాల్పీ విలువలు ఉంటాయి. టర్బైన్ పని, పంపు పని, దక్షత కనుక్కోమని కింద ఒక వాక్యం ఉంటుంది. ఎంథాల్పీలు ముందే ఇచ్చారు కాబట్టి ఆవిరి పట్టికలు తెరవకుండా నాలుగు తీసివేతలు, ఒక భాగహారంతో పని అయిపోతుందని అనిపిస్తుంది. నిజానికి ఈ లెక్కలో తప్పులు తీసివేతల దగ్గర తక్కువే వస్తాయి. ఏ విలువ ఏ గొట్టానిదో నిర్ణయించడంలోనూ, మసకబారిన అంకెను ఏదిగా చదవాలో తేల్చడంలోనూ ఎక్కువగా వస్తాయి. అందుకే ఇక్కడ ఒకే ఒక పటాన్ని తీసుకొని, చదవడం మొదలుకొని చివరి జవాబు దాకా వివరంగా చేద్దాం.

మన ఫొటోలో బాయిలర్ పీడనం 4 మెగాపాస్కల్, టర్బైన్‌లోకి వెళ్లే ఆవిరి ఉష్ణోగ్రత 400 డిగ్రీల సెల్సియస్, కండెన్సర్ పీడనం 10 కిలోపాస్కల్ అని ఉంది. ఆవిరి ప్రవాహం గంటకు 72 టన్నులు. కండెన్సర్ నుంచి బయటికి వచ్చే నీరు సంతృప్త ద్రవం అని ప్రశ్నలో రాశారు. ఎంథాల్పీలు కి.జౌ./కి.గ్రా.లలో ఇలా కనిపిస్తున్నాయి:

```
h1 = 191.8
h2 = 19?.5   (6 లేదా 5, మసకగా ఉంది)
h3 = 3214.5
h4 = 2305.0
```

మొదటి మెట్టు: సంఖ్యలను పక్కన పెట్టి నీటి వెంట నడవండి

పటం చూడగానే గుర్తున్న సూత్రంలో విలువలు వేయకండి. టర్బైన్ పని అంటే h1 − h2 అని చాలామంది కంఠస్థం చేసి ఉంటారు. టర్బైన్ ప్రవేశాన్ని 1 అని పిలిచే పుస్తకాలలో అది సరైనదే. కానీ పంపు ప్రవేశం నుంచి 1 అని లెక్కించడం మొదలుపెట్టే పుస్తకాలు కూడా అంతే ఎక్కువగా ఉన్నాయి, మన పటం ఆ రెండో రకానిది. కంఠస్థం చేసిన సూత్రాన్ని దీని మీద వాడితే 191.8 నుంచి 196.5 తీసివేయవలసి వస్తుంది, టర్బైన్ పని −4.7 అవుతుంది. ఋణ సంఖ్య రావడం ఒక విధంగా అదృష్టమే, ఎందుకంటే తప్పు వెంటనే కంటబడుతుంది. గుర్తును నిర్లక్ష్యం చేసి 4.7 అని రాసేసిన వారికి మాత్రం ఆ అవకాశం పోతుంది.

కాబట్టి ఒక కాగితం మీద నాలుగు స్థానాల పేర్లు రాసుకోండి: పంపులోకి, పంపు నుంచి బాయిలర్‌లోకి, బాయిలర్ నుంచి టర్బైన్‌లోకి, టర్బైన్ నుంచి కండెన్సర్‌లోకి. ఆ తరువాత ఫొటోలోని బాణపు గుర్తులను అనుసరించి ప్రతి విలువను దాని స్థానం పక్కన చేర్చండి. ఫొటో వంకరగా తీసి ఉంటే ఒక విలువ రెండు గొట్టాలకు మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది. బాణాలు కూడా స్పష్టంగా లేకపోతే విలువల పరిమాణమే దారి చూపిస్తుంది. నాలుగింటిలో అన్నిటికన్నా పెద్దది టర్బైన్ ప్రవేశానిది, దాని తరువాతది టర్బైన్ నిర్గమానిది. మిగిలిన రెండు చిన్న విలువలు ద్రవ రూపంలో ఉన్న నీటివి, వాటిలో కొద్దిగా తక్కువ ఉన్నది పంపు ప్రవేశానిది, కొద్దిగా ఎక్కువ ఉన్నది పంపు నిర్గమానిది.

ఈ చివరి మాట ఉష్ణోగ్రత–ఎంట్రోపీ రేఖాచిత్రం ఫొటో వచ్చినప్పుడు మరింత అవసరమవుతుంది. అలాంటి చిత్రంలో పంపుకు ముందూ వెనకా ఉన్న రెండు బిందువులు నిజ ప్రమాణంలో దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. అవి విడిగా కనబడాలని పుస్తకాలలో వాటిని కావాలనే దూరంగా గీస్తారు. ఆ దూరాన్ని చూసి పంపు పని పెద్దదని అనుకోకూడదు.

రెండో మెట్టు: స్పష్టంగా ఉన్న విలువలను కూడా ఒకసారి నమ్మకంతో కాక లెక్కతో చూడండి

పంపు ప్రవేశం దగ్గరి 191.8ని పరీక్షించడం సులువు. 10 కిలోపాస్కల్ దగ్గర నీరు 45.8 డిగ్రీల వద్ద మరుగుతుంది. తక్కువ ఉష్ణోగ్రతల్లో ద్రవ నీటి ఎంథాల్పీ సుమారుగా 4.19ని సెల్సియస్ ఉష్ణోగ్రతతో గుణించినంత ఉంటుంది. 4.19ని 45.8తో గుణిస్తే 191.9 వస్తుంది, అంటే విలువ సరిగానే చదివాం. దశాంశ బిందువు ఫొటోలో చెరిగిపోయి 1918 అని కనిపించినా ఈ ఒక్క గుణకారం దాన్ని పట్టిస్తుంది.

టర్బైన్ ప్రవేశానికి అలాంటి దగ్గరి దారి లేదు. 4 మెగాపాస్కల్, 400 డిగ్రీలకు ఆవిరి పట్టికలో 3214.5 ఉంటుంది. పట్టికను బట్టి ఒకటి రెండు ప్రమాణాల తేడా రావచ్చు, అది తప్పు కాదు. కానీ ఒకే లెక్కలో సగం విలువలు ఫొటో నుంచీ, సగం వేరే పట్టిక నుంచీ తీసుకోకండి. టర్బైన్ పనిలో ఆ తేడా కనిపించదు గానీ పంపు పని మొత్తమే అయిదు ప్రమాణాల లోపు కాబట్టి అక్కడ ఒక ప్రమాణం తేడా జవాబును చెడగొడుతుంది.

మూడో మెట్టు: మసక అంకెను పంపు చేతనే తేల్పించండి

పంపు పని అంటే పంపు దాటాక ఉన్న ఎంథాల్పీ నుంచి పంపుకు ముందున్న ఎంథాల్పీని తీసివేయగా వచ్చేది:

```
wp = h2 − h1
```

మన ఇబ్బంది h2లోని మూడో అంకె. దాన్ని 6గా చదివితే పంపు పని 4.7 కి.జౌ./కి.గ్రా., 5గా చదివితే 3.7. కంటితో ఎంతసేపు చూసినా తేలని ఈ విషయం రెండు పీడనాలతో తేలిపోతుంది. నీరు దాదాపు సంపీడనం చెందని ద్రవం. అందువల్ల దాన్ని ఒక పీడనం నుంచి మరో పీడనానికి ఎత్తడానికి అవసరమయ్యే కనీస పని దాని విశిష్ట ఘనపరిమాణాన్ని పీడన భేదంతో గుణించినంత ఉంటుంది. 45.8 డిగ్రీల నీటి విశిష్ట ఘనపరిమాణం కిలోగ్రాముకు 0.00101 ఘనపు మీటర్లు.

```
wp,min = v × (P2 − P1)
       = 0.00101 × (4000 − 10)
       = 4.03 kJ/kg
```

ఏ పంపూ ఇంతకన్నా తక్కువ పనితో ఈ నీటిని 4 మెగాపాస్కల్‌కు చేర్చలేదు. ఘర్షణ, సుడులు, లీకేజీ ఉన్న నిజమైన పంపుకు ఇంకా ఎక్కువే కావాలి. కాబట్టి 3.7 అసాధ్యం, అంకె 5 కాదు. 6 అనుకుంటే పంపు దక్షత 4.03ని 4.7తో భాగించినంత, అంటే సుమారు 86 శాతం, ఇది పంపుకు ఉండవలసిన తీరులోనే ఉంది. అందుచేత h2 = 196.5 అని నిర్ణయించి ముందుకు వెళ్లవచ్చు.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. మసక అంకె 6 లేదా 8 అన్న అనుమానం అయి ఉంటే ఇది అంత గట్టిగా తీర్పు చెప్పలేదు. 198.5 అయితే పంపు పని 6.7, పంపు దక్షత 60 శాతం. అది తక్కువే అయినా ప్రకృతి నియమానికి విరుద్ధం కాదు. అలాంటప్పుడు ప్రశ్నలో పంపు దక్షత ఇచ్చారేమో వెతకాలి, లేకపోతే అసలు పేజీని చూడాలి. కనీస పని కన్నా తక్కువ వస్తే మాత్రం ఏ వెతుకులాటా అవసరం లేదు, విలువ తప్పు చదివినట్టే.

గుణించేటప్పుడు పీడనాలను కిలోపాస్కల్‌లోకి మార్చడం మరచిపోకండి. కిలోపాస్కల్‌ను ఘనపు మీటరుతో గుణిస్తేనే నేరుగా కిలోజౌల్ వస్తుంది. పటంలో పీడనం 40 బార్, 0.1 బార్ అని ఉంటే వాటిని అలాగే గుణించినవారికి 0.0403 వస్తుంది, అది అసలు విలువలో నూరో వంతు. ఒక బార్ 100 కిలోపాస్కల్‌లు. ఇదే పరీక్ష పీడనాన్ని తప్పుగా చదివినప్పుడు కూడా పనికొస్తుంది. 4.0లోని బిందువు చెరిగి 40 మెగాపాస్కల్ అని కనిపిస్తే కనీస పని 40 దాటుతుంది, ఎంథాల్పీలు చెప్పే 4.7తో అది ఎక్కడా పొసగదు.

రెండు విలువలను ముందే దగ్గరి పూర్ణాంకాలకు సవరించడం కూడా ఇక్కడ చేటు చేస్తుంది. 192, 197 అని రాసుకుంటే పంపు పని 5 అవుతుంది, అంటే ఆరు శాతానికి పైగా తేడా. దగ్గరదగ్గరగా ఉన్న రెండు పెద్ద విలువల భేదం చిన్నదైనప్పుడు సవరింపు చివర్లోనే చేయాలి.

ఒక్కోసారి ఫొటోలో h2 అసలు ఉండదు. ప్రశ్న రాసినవారు మరచిపోయారని అనుకోనక్కర లేదు. పంపును మీరే లెక్కించాలని వారి ఉద్దేశం. పంపు దక్షత ఇవ్వకపోతే కనీస పనినే పంపు పనిగా తీసుకొని, దాన్ని 191.8కి కలిపి 195.8 అని h2ను కట్టుకోండి. దక్షత ఇస్తే ముందుగా 4.03ని దానితో భాగించి ఆ తరువాత కలపండి. గుణించకూడదు, ఎందుకంటే దక్షత తక్కువైన కొద్దీ పంపు ఎక్కువ పని అడుగుతుంది.

నాలుగో మెట్టు: టర్బైన్ పని

```
wt = h3 − h4
   = 3214.5 − 2305.0
   = 909.5 kJ/kg
```

తీసివేత ఇంతే. కానీ 2305.0 అన్నది ఆదర్శ విలువా, నిజమైన టర్బైన్ నిర్గమపు విలువా అన్నది తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే కొన్ని పటాల్లో ఈ రెండూ పక్కపక్కనే ఇచ్చి ఒకదానికి చిన్న s అక్షరం తగిలిస్తారు. ఫొటోలో ఆ చిన్న అక్షరం మాయమవడం మామూలే. s ఉన్నది ఎంట్రోపీ మారకుండా వ్యాకోచిస్తే వచ్చే విలువ. ప్రశ్న నిజమైన టర్బైన్ గురించి అయితే దాన్ని పనికి వాడకూడదు, టర్బైన్ దక్షతను కట్టడానికే వాడాలి.

ఆవిరి పట్టిక దగ్గర ఉంటే ఆదర్శ విలువను మనమే కట్టి చూడవచ్చు. టర్బైన్ ప్రవేశం దగ్గర ఎంట్రోపీ 6.7714. 10 కిలోపాస్కల్ దగ్గర సంతృప్త ద్రవం ఎంట్రోపీ 0.6492, ద్రవం నుంచి ఆవిరికి పెరిగే ఎంట్రోపీ 7.4996, అదే పీడనం దగ్గర బాష్పీభవన ఎంథాల్పీ 2392.1.

```
x4s = (6.7714 − 0.6492) / 7.4996 = 0.81634
h4s = 191.8 + 0.81634 × 2392.1 = 2144.6
```

టర్బైన్ నిర్గమపు ఎంథాల్పీ 2144.6 కన్నా తక్కువ ఉండటానికి వీల్లేదు. తక్కువ ఉంటే ఆదర్శ టర్బైన్ కన్నా ఎక్కువ పని వచ్చినట్టవుతుంది. మన 2305.0 దాని కన్నా పైన ఉంది, ఆదర్శ పని 1069.9లో 909.5 వచ్చింది కాబట్టి టర్బైన్ దక్షత 85 శాతం. అంకెలు పొసిగాయి. అదే ఫొటోలో 3ను 8గా చదివి 2805 అని వేసుకుని ఉంటే టర్బైన్ దక్షత 38 శాతానికి పడిపోయేది, పైగా ఆ విలువ 10 కిలోపాస్కల్ దగ్గరి సంతృప్త ఆవిరి ఎంథాల్పీ 2583.9ను దాటి, టర్బైన్ నుంచి అతితప్త ఆవిరి బయటికి వస్తున్నట్టు చెప్పేది. ఇలాంటి చక్రంలో టర్బైన్ చివర తడి ఆవిరి ఉండటమే సహజం. మన విలువకు శుష్కతా భాగం 0.88.

అయిదో మెట్టు: ఉష్ణం, నికర పని, దక్షత

బాయిలర్ ఇచ్చే ఉష్ణం బాయిలర్‌కు రెండు వైపులా ఉన్న ఎంథాల్పీల భేదం. బాయిలర్‌లోకి వెళ్లేది పంపు దాటిన నీరు కాబట్టి h2నే తీసివేయాలి, h1ని కాదు.

```
qin  = 3214.5 − 196.5 = 3018.0 kJ/kg
wnet = 909.5 − 4.7    = 904.8 kJ/kg
η    = 904.8 / 3018.0 = 0.300
```

దక్షత 30.0 శాతం. పంపు పనిని పూర్తిగా వదిలేసి h1నే బాయిలర్ ప్రవేశంగా తీసుకుంటే 909.5ని 3022.7తో భాగించాలి, 30.1 శాతం వస్తుంది. టర్బైన్ పనిలో పంపు వాటా అర శాతమే కాబట్టి తేడా ఇంత స్వల్పంగా ఉంది. పంపు పనిని వదిలేయవచ్చని ప్రశ్నలో చెప్పి ఉంటే అలాగే చేయండి, కానీ రెండు చోట్లా వదిలేయండి. పైన వదిలేసి కింద ఉంచడం పొరపాటు.

దీనికన్నా పెద్ద తప్పు మరొకటి ఉంది. నికర పనిని h3తోనే భాగించి 28.1 శాతం అని రాసేవారు ఉన్నారు. 3214.5 అంతా బాయిలర్ ఇచ్చిందని వారి ఊహ. ఎంథాల్పీకి సున్నా ఎక్కడ పెట్టాలన్నది పట్టిక తయారుచేసినవారి ఒప్పందం మాత్రమే. నీటి పట్టికల్లో అది త్రిక బిందువు దగ్గరి ద్రవానికి ముడిపడి ఉంటుంది. సున్నాను మరో చోట పెడితే h3 మారిపోతుంది, దానితో భాగించిన దక్షత కూడా మారిపోతుంది. ఎంథాల్పీల భేదాలు మాత్రం మారవు. కాబట్టి ఈ లెక్కలో ఏ ఎంథాల్పీ అయినా ఒంటరిగా భాగహారంలోకి వచ్చిందంటే ఆగి చూసుకోవాలి.

మరొక స్పష్టత కూడా అవసరం. ఈ 30 శాతం ఆవిరి చక్రం దక్షత మాత్రమే. ఇంధనం మండినప్పుడు పొగగొట్టం గుండా పోయే వేడి, జనరేటర్‌లోని నష్టం ఇందులో లేవు. ప్రశ్న మొత్తం కేంద్రం దక్షత అడిగి, బాయిలర్ దక్షత, జనరేటర్ దక్షత విడిగా ఇస్తే వాటిని దీనితో గుణించాలి.

ఆరో మెట్టు: కండెన్సర్ వైపు నుంచి సరిచూడటం, ఆ సరిచూపు చెప్పలేనిది

కండెన్సర్‌లో పోయే ఉష్ణం h4 − h1, అంటే 2305.0 − 191.8 = 2113.2. బాయిలర్ ఉష్ణం నుంచి దీన్ని తీసివేస్తే 3018.0 − 2113.2 = 904.8. నికర పనితో సరిపోయింది.

ఇది చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. నేను ఈ పరీక్షకు అంత విలువ ఇవ్వను. రెండు వైపులా విస్తరించి రాస్తే కారణం తెలుస్తుంది:

```
(h3 − h2) − (h4 − h1) = (h3 − h4) − (h2 − h1)
```

ఇది ఏ నాలుగు విలువలకైనా నిజమయ్యే బీజగణిత సమానత్వం. h2ను 195.5 అని వేసినా, h4ను 2805 అని వేసినా రెండు వైపులా సరిపోతూనే ఉంటాయి. అంటే ఈ పరీక్ష తీసివేతలో జరిగిన పొరపాటును పట్టుకుంటుంది, ఫొటోను తప్పుగా చదివిన పొరపాటును పట్టుకోదు. దక్షత కూడా పంపు విషయంలో పట్టుకోలేదు: h2ను 198.5గా చదివితే దక్షత 29.9 శాతం వస్తుంది, 30.0కు దానికి తేడా ఎవరి కంటికీ ఆనదు. అదే సమయంలో పంపు పని మాత్రం 4.7 బదులు 6.7 అయి, నలభై శాతానికి పైగా తప్పిపోతుంది. అందుకే మూడో, నాలుగో మెట్లలోని పరీక్షలను, అవి బయటి సమాచారమైన పీడనాన్నీ ఎంట్రోపీనీ తెచ్చి పోలుస్తాయి కాబట్టి, వదలకూడదని అంటున్నాను.

ఏడో మెట్టు: ప్రవాహంతో గుణించడం

ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఒక కిలోగ్రాము ఆవిరికి. ప్రశ్న టర్బైన్ శక్తిని అడిగితే ప్రవాహాన్ని ముందుగా సెకనుకు కిలోగ్రాములలోకి మార్చండి. గంటకు 72 టన్నులంటే 72,000 కిలోగ్రాములను 3600తో భాగించాలి, సెకనుకు 20 కిలోగ్రాములు వస్తుంది.

```
టర్బైన్ శక్తి  = 20 × 909.5  = 18190 kW
పంపు శక్తి     = 20 × 4.7    = 94 kW
నికర శక్తి     = 20 × 904.8  = 18096 kW
బాయిలర్ ఉష్ణం = 20 × 3018.0 = 60360 kW
```

దక్షతను ఈ విలువలతో మళ్లీ కట్టనవసరం లేదు, పైనా కిందా ఒకే ప్రవాహం ఉంది కాబట్టి అది మారదు. అయితే టర్బైన్ మధ్యలోంచి కొంత ఆవిరిని తీసి ఫీడ్‌వాటర్ హీటర్‌కు పంపే గొట్టం పటంలో కనిపిస్తే ఈ మాట చెల్లదు. అప్పుడు టర్బైన్ రెండు భాగాల్లో ప్రవహించే ఆవిరి వేర్వేరుగా ఉంటుంది, ముందుగా హీటర్ దగ్గర శక్తి సమతుల్యత రాసి ఎంత భాగం పక్కకు పోతుందో కనుక్కోవాలి. ఫొటో అంచు దగ్గర అలాంటి సన్నని గీత కత్తిరించబడిందేమో మొదట్లోనే చూడండి. పటంలో ఒకటికి బదులు రెండు పంపులు ఉంటే ఆ గీత ఉండే అవకాశం ఎక్కువ.

జవాబు రాసేటప్పుడు టర్బైన్ పని 909.5 కి.జౌ./కి.గ్రా., పంపు పని 4.7 కి.జౌ./కి.గ్రా., దక్షత 30.0 శాతం అని రాసి, h2లోని మసక అంకెను 6గా ఎందుకు తీసుకున్నారో ఒక వరుసలో చెప్పండి: 5 అయితే పంపు పని 4.03 అనే కనీస విలువ కన్నా తక్కువ అవుతుంది.